రాత్రి డాక్సీసైక్లిన్ వేసుకున్నాక మా నాయనకు రొమ్ము మధ్యలో మంట, ఉమ్మి మింగినా నొప్పి: మిగిలిన మాత్రలు ఆపేయాలా?

పాకాల_మామిడితోట (గురువారం, ఉదయం 7:50)

అందరికీ నమస్కారం. మాది పాకాల దగ్గర పల్లె, నాయనకు 61 ఏళ్లు. పోయిన వారం తోటలో గడ్డి కోయించి వచ్చిన తర్వాత ఆయనకు చలిజ్వరం పట్టుకుని ఐదు రోజులు తగ్గలేదు. తిరుపతిలో చూపిస్తే డాక్టరు గారు ఒళ్లంతా వెతికి, నడుము దగ్గర సిగరెట్టుతో కాల్చినట్టున్న నల్లని పక్కు ఒకటి చూసి, ఇది స్క్రబ్ టైఫస్ అయి ఉంటుందని చెప్పి, డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లు ఉదయం ఒకటి, రాత్రి ఒకటి చొప్పున ఏడు రోజులకు రాశారు. సోమవారం ఉదయం మొదలుపెట్టాము, మంగళవారం రాత్రికే జ్వరం దిగిపోయింది.

అసలు సమస్య ఇప్పుడు వచ్చింది. ఈ రోజు తెల్లవారుజామున నాలుగు గంటలకు రొమ్ము మధ్యలో ఎవరో గోరుతో గీరుతున్నట్టుందని నాయన లేచి కూర్చున్నారు. అప్పటి నుంచి ఉమ్మి మింగినా నొప్పి అంటున్నారు, కాఫీ గొంతు దాటలేదు. పక్కింటి వాళ్లు వేడి చేసిందని, మజ్జిగ తాగించమని అంటున్నారు. ఊళ్లో మందులిచ్చే ఆయన గ్యాస్ అని చెప్పి ఒక గులాబీ రంగు టానిక్ ఇచ్చారు. ఉదయం వేయాల్సిన ఏడో క్యాప్సూల్ నా చేతిలోనే ఉంది. వేయాలా, ఆపాలా?

---

తిరుచానూరు_మాస్టారు (ఉదయం 8:04)

బాబూ, డాక్సీసైక్లిన్‌కు, పాలకు పడదు. మజ్జిగ పొరపాటున కూడా తాగించవద్దు. నాకు పదేళ్ల కిందట ఇదే మందు రాసినప్పుడు పాలు, పెరుగు, నెయ్యి, వెన్న అన్నీ వారం రోజులు మానేసి, ఉదయం పరగడుపున మాత్రమే వేసుకున్నాను. మీ నాయన గారు పెరుగు తిని ఉంటారు, అది మందుతో కలిసి విరిగి లోపల మంట పుట్టించి ఉంటుంది. పాలు మానిపించి మందు కొనసాగించండి.

---

మందులచీటీ (ఉదయం 8:21)

నేను తిరుపతిలో ఒక ఆసుపత్రి మందుల విభాగంలో 22 ఏళ్లుగా పనిచేస్తున్నాను. ముందు ఒక మాట చెప్పి, మందు సంగతి తర్వాత మాట్లాడతాను. 61 ఏళ్ల మనిషి రొమ్ము మధ్యలో నొప్పి అంటున్నప్పుడు అది మాత్ర వల్లనే అని ఇంట్లో కూర్చుని నేను గానీ మీరు గానీ తేల్చకూడదు. వెంటనే దగ్గరున్న చోట ఈసీజీ తీయించండి. చెమటలు పట్టడం, ఆయాసం, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం ఉంటే ఇది చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి.

అది గుండె కాదని తేలితే, మీరు రాసిన వర్ణన మాత్ర అన్నవాహికలో అంటుకుని చేసిన పుండుకు బాగా సరిపోతోంది. గ్యాస్ మంట సాధారణంగా తిన్న తర్వాత పైకి ఎగదన్నుతుంది, కానీ ఉమ్మి మింగినంత మాత్రానికే ఒకే చోట గుచ్చుకోదు. అంతకు ముందు ఏ బాధా లేని మనిషికి, మాత్ర వేసుకుని పడుకున్న రాత్రే, నిద్రలో నుంచి లేపేంత నొప్పి రావడం ఈ పుండు లక్షణం.

చేతిలో ఉన్న క్యాప్సూల్ ఇప్పుడు వేయవద్దు, కానీ మందు ఆపేశామని కూడా అనుకోవద్దు. రాసిన డాక్టరు గారికి ఈ ఉదయమే ఫోన్ చేయండి. డాక్సీసైక్లిన్ ఒంట్లో సగానికి తగ్గడానికి 16 నుంచి 22 గంటలు పడుతుంది కాబట్టి నాలుగైదు గంటలు ఆలస్యమైతే కొంప మునగదు. స్క్రబ్ టైఫస్‌కు జ్వరం దిగింది కదా అని మూడు రోజులకే మందు మానేస్తే మాత్రం జ్వరం తిరగబెట్టవచ్చు. మందు మార్చడమా, ఇదే మరో రూపంలో ఇవ్వడమా అన్నది ఆయన నిర్ణయించాలి. ఆ గులాబీ టానిక్ కూడా అప్పటిదాకా పక్కన పెట్టండి, ఎందుకో తర్వాత రాస్తాను.

ఒకటి మాత్రం ఇప్పుడే చెప్పండి: నిన్న రాత్రి క్యాప్సూల్ ఎన్ని గంటలకు, ఎన్ని నీళ్లతో వేసుకున్నారు, ఆ తర్వాత ఎంతసేపటికి పడుకున్నారు?

---

చిత్తూరు_పాలకేంద్రం (ఉదయం 8:40)

మా కేంద్రంలో రోజూ రెండు పూటలా పాలు పోయించుకుంటాము. ఏ జబ్బు వచ్చినా మొదట పాల మీదే నింద వేస్తారు. పాలు తాగితే గొంతులో పుండ్లు పడతాయని నేను ఇంతవరకు వినలేదు. మాస్టారు గారు ఆధారం చూపించాలి.

---

మందులచీటీ (ఉదయం 8:46)

పాల వల్ల పుండు పడిందని మాస్టారు గారు తప్ప ఇంకెవరూ అనలేదు, అది నిజం కూడా కాదు. పాలకు, ఈ మందుకు ఉన్న గొడవ వేరే చోట, పేగు దగ్గర జరుగుతుంది. అవతల పిల్లవాడు తండ్రిని పెట్టుకుని కూర్చున్నాడు, ఆ చర్చ కాస్త ఆగనివ్వండి.

---

పాకాల_మామిడితోట (మధ్యాహ్నం 1:15)

సార్, ఈసీజీ తీయించాము, బాగుందన్నారు. డాక్టరు గారికి ఫోన్ చేస్తే రమ్మన్నారు, ఇప్పుడు తిరుపతిలోనే ఉన్నాము. నాయన ఉదయం నుంచి ఏమీ తినలేదు కాబట్టి ఈ రోజే ఎండోస్కోపీ చేస్తామన్నారు.

మీరు అడిగినదానికి జవాబు రాస్తే నాకే సిగ్గుగా ఉంది. మొదటి రెండు రాత్రులు నాయన ఎనిమిది గంటలకు భోజనం చేసి, చివరన పెరుగన్నం తిని, వెంటనే చెంబెడు నీళ్లతో క్యాప్సూల్ వేసుకున్నారు, ఏమీ కాలేదు. బుధవారం నేను ఇంకో పని మీద మందుల షాపుకు వెళ్తే అక్కడి అబ్బాయి, పెరుగుతో ఈ మందు వేయకూడదు, రెండు గంటలు ఎడం ఉండాలని చెప్పాడు. ఇంటికి వచ్చి అది నాయనకు గట్టిగా చెప్పాను. పెరుగు లేకుండా ఆయనకు భోజనం అయినట్టే ఉండదు. అందుకని ఎనిమిదికి మామూలుగా తిని, రెండు గంటలు లెక్కపెట్టి, పదిన్నరకు మంచం మీదే లేచి కూర్చుని, తల దగ్గరున్న చెంబులో మిగిలిన ఒక్క గుక్క నీళ్లతో మింగి, అలాగే వెనక్కి ఒరిగి నిద్రపోయారు.

---

మందులచీటీ (మధ్యాహ్నం 1:50)

సిగ్గుపడాల్సింది మీరు కాదు. పెరుగు గురించి చెప్పి, నీళ్ల గురించి, కూర్చోవడం గురించి చెప్పకుండా మందు అమ్మిన వాళ్లం సిగ్గుపడాలి. ఒక చిన్న నియమం పాటించబోయి పెద్ద నియమం తప్పడం అంటే ఇదే. మొదటి రెండు రాత్రులు పెరుగు తిన్నా పుండు పడలేదు, ఎందుకంటే అప్పుడు చెంబెడు నీళ్లు ఉన్నాయి, మనిషి నిటారుగా ఉన్నాడు. మూడో రాత్రి పెరుగుకు ఎడం ఉంది, మిగిలిన రెండూ లేవు.

---

ఎండో_సిస్టర్ (సాయంత్రం 6:30)

తమ్ముడూ, నేను చిత్తూరులో ఎండోస్కోపీ గదిలో సహాయకురాలిని. నాయన గారి పరీక్ష ఎలా జరిగిందో రాయండి. మేము ఇలాంటి వాళ్లను వానలు పడి జ్వరాలు ముదిరే రోజుల్లో ఎక్కువగా చూస్తాము, మొటిమలకు ఇదే మందు వాడే కాలేజీ పిల్లలు మాత్రం ఏడాది పొడవునా వస్తూనే ఉంటారు. దాదాపు అందరిదీ ఒకే కథ. పడుకునే ముందు గుర్తొచ్చింది, ఒక గుక్కతో వేసుకున్నాను, పడుకున్నాను అంటారు.

అన్నవాహిక గొట్టంలా ఎప్పుడూ తెరుచుకుని ఉంటుందనీ, పైన వేసింది బావిలో రాయిలా కింద పడుతుందనీ చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఖాళీగా ఉన్నప్పుడు ముడుచుకుని ఉంటుంది, మింగినప్పుడు అలలాగా కదిలి ముద్దను కిందికి తోస్తుంది. రొమ్ము మధ్యలో గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం వంపు తిరిగి దాని పక్కగా వెళ్తుంది, అక్కడ కొద్దిగా నొక్కినట్టు ఇరుకు ఉంటుంది. మాత్ర ఆగితే ఎక్కువగా అక్కడే ఆగుతుంది. పడుకుంటే బరువు సాయం ఉండదు, నిద్రలో ఉమ్మి తక్కువ ఊరుతుంది, మింగడం దాదాపు ఆగిపోతుంది, కాబట్టి ఆగినది అక్కడే గంటలకొద్దీ ఉండిపోతుంది.

క్యాప్సూల్ ఎందుకు అంటుకుంటుందో మీ ఇంట్లోనే చూడవచ్చు. వేలిని కొద్దిగా తడి చేసుకుని ఒక క్యాప్సూల్‌ను పట్టుకుని అర నిమిషం ఆగండి. పైనున్న జిలాటిన్ తొడుగు జిగురులాగా వేలికి పట్టుకుంటుంది, విదిల్చినా రాదు. అదే వేలిని నీళ్ల గ్లాసులో ముంచితే జారిపోతుంది. ఒక గుక్క నీళ్లు మొదటిదానిలాంటివి, గ్లాసెడు నీళ్లు రెండోదానిలాంటివి. ఆ వాడిన క్యాప్సూల్‌ను మళ్లీ పట్టీలో పెట్టకండి.

---

పాకాల_మామిడితోట (రాత్రి 9:10)

అక్కా, పరీక్ష అయింది. పళ్ల దగ్గర నుంచి 25 సెంటీమీటర్ల లోతులో రెండు పుండ్లు ఉన్నాయట, ఒకదానికి ఒకటి ఎదురెదురుగా. క్యాప్సూల్ ముక్క ఏమీ కనిపించలేదు. రక్తం కారడం లేదు, చిల్లు పడలేదు. డాక్టరు గారు డాక్సీసైక్లిన్ ఆపి, జ్వరానికి అజిత్రోమైసిన్‌కు మార్చారు. ఆమ్లం తగ్గించే మాత్ర ఒకటి తిండికి అరగంట ముందు, పుండు మీద పూతలాగా పట్టే తెల్లని మందు నీళ్లు కూడా ఇచ్చారు. రెండు మూడు రోజులు చల్లారిన మెత్తని తిండి పెట్టమన్నారు. రెండు పుండ్లు ఎదురెదురుగా ఎందుకు పడతాయని అడగాలనుకుని అక్కడి హడావిడిలో అడగలేకపోయాను.

---

ఎండో_సిస్టర్ (రాత్రి 9:32)

ముడుచుకున్న గొట్టంలో క్యాప్సూల్ ఒక గోడను కాదు, రెండు గోడలనూ తాకుతూ ఉంటుంది తమ్ముడూ. కరిగేటప్పుడు రెండు వైపులా కాలుస్తుంది. అందుకే ఎదురెదురుగా రెండు పుండ్లు కనిపిస్తే మేము మొదట అడిగే ప్రశ్న ఏ మాత్ర వేసుకున్నారు అనే. వారం పది రోజుల్లో చాలామందికి నొప్పి పోతుంది. ఒకవేళ నల్లని విరేచనం, నెత్తురు వాంతి, మళ్లీ జ్వరం, నీళ్లు కూడా దిగకపోవడం, మెడ మీద చర్మం నొక్కితే కరకరలాడడం లాంటివి కనిపిస్తే రాత్రి అని చూడకుండా తీసుకురండి.

---

బైరాగిపట్టెడ_22 (రాత్రి 10:05)

ఈ చర్చ చదివి భయం వేసింది. నేను మొటిమలకు ఆరు వారాల నుంచి రోజూ ఒకటి వేసుకుంటున్నాను. ఎండలో తిరిగితే ఈ మందు చర్మాన్ని కాలుస్తుందని ఎవరో చెప్పారు. అందుకని మందు రాత్రి వేసుకుంటే తెల్లారేసరికి దిగిపోతుంది కదా అనుకుని, సరిగ్గా పడుకునే ముందే వేసుకుంటున్నాను. అంటే నేనూ అదే తప్పు చేస్తున్నానా? పైగా అది ఎండకు పనిచేసినట్టు కూడా లేదు. పోయిన నెల మెట్ల దారిలో కొండకు నడిచి వెళ్లాము. అలిపిరి నుంచి తెల్లవారి బయలుదేరినా పైకి చేరేసరికి పొద్దెక్కింది, ఆ రోజు మబ్బు కూడా ఉంది. సాయంత్రానికి ముక్కు, చేతుల వెనక భాగం వేడినీళ్లు పోసినట్టు ఎర్రబడి మండాయి. నాతో వచ్చిన స్నేహితురాళ్లకు ఏమీ కాలేదు.

---

మందులచీటీ (రాత్రి 10:40)

అమ్మా, మీరు ఎండ నుంచి తప్పించుకోవడానికి రాత్రికి జరిపారు, పాకాల నాయన గారు పెరుగు నుంచి తప్పించుకోవడానికి రాత్రికి జరిపారు. ఇద్దరూ చేరింది అదే మంచం దగ్గరికి. ఈ మందుకు పడుకునే వేళ అంత చెడ్డ వేళ ఇంకొకటి లేదు.

పైన చెప్పిన 16 నుంచి 22 గంటల లెక్క ఇక్కడ కూడా పనికొస్తుంది. రాత్రి పదింటికి వేసుకున్నదానిలో సగానికి పైగా మరుసటి రోజు మధ్యాహ్నానికి మీ ఒంట్లోనే ఉంటుంది. రోజూ వాడేవారికి నిన్నటిది, మొన్నటిది కూడా కొంత మిగిలి ఉంటుంది. ఏ పూట వేసుకున్నా ఎండ విషయంలో తేడా రాదు. ఇది దద్దురు పుట్టే ఎలర్జీ కూడా కాదు. చర్మంలో ఉన్న మందు అతినీలలోహిత కిరణాల్లో యూవీ-ఏ అనే రకాన్ని పీల్చుకుని పక్కనున్న కణాలను కాలుస్తుంది. అందుకే మందు మోతాదు పెరిగిన కొద్దీ, ఎండలో గడిపిన సేపు పెరిగిన కొద్దీ ఎక్కువవుతుంది, బట్ట ఉన్న చోట గీత గీసినట్టు ఆగిపోతుంది. ఆ కిరణాలు మబ్బును దాటి వస్తాయి, బస్సు కిటికీ అద్దాన్ని కూడా దాటుతాయి. మీ స్నేహితురాళ్లు ఆ మందు వేసుకోలేదు, అందుకే వాళ్లకు ఏమీ కాలేదు.

పొడుగు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ లేదా తల మీదుగా చున్నీ, స్కూటర్ మీద చేతి తొడుగులు మొదట పెట్టుకోవాల్సినవి. సన్‌స్క్రీన్ వాటి తర్వాతే వస్తుంది. దాని మీద పెద్దగా రాసే ఎస్‌పీఎఫ్ అంకె ప్రధానంగా యూవీ-బీ అనే ఇంకో రకం కిరణాల గురించి చెబుతుంది, కాబట్టి యూవీ-ఏ నుంచి కూడా కాపాడుతుందని విడిగా రాసి ఉన్నది కొనుక్కోండి. మందు మానేసిన తర్వాత కూడా కొన్ని రోజులు ఈ జాగ్రత్త తీయకండి. మీ గోళ్లు కూడా ఒకసారి చూసుకోండి, ఎండ తగిలిన రెండు మూడు వారాలకు గోరు కొస చర్మం నుంచి ఎడమై, నొప్పి పెట్టడం ఈ మందుతో అరుదుగా జరుగుతుంది. బొబ్బలు వచ్చినా, గోరు లేచినా రాసిన చర్మ వైద్యులకు చూపించి, కొనసాగించాలో లేదో అడగండి.

వేళ మాత్రం రేపటి నుంచే మార్చుకోవచ్చు. ఉదయం టిఫిన్‌తోనో, రాత్రి భోజనంతోనో వేసుకోండి, పడకతో కాదు.

---

బైరాగిపట్టెడ_22 (రాత్రి 10:58)

బొటనవేలి గోరు కొస తెల్లగా అయి కొద్దిగా లేచినట్టుంది. నెయిల్ పాలిష్ వల్ల అనుకున్నాను. సోమవారం డాక్టరమ్మకు చూపిస్తాను.

---

తిరుచానూరు_మాస్టారు (శుక్రవారం, ఉదయం 6:20)

పాల వల్ల పుండు పడదని ఒప్పుకుంటున్నాను. కానీ పాలతో ఈ మందు పనిచేయదన్న మాట నేను పుట్టించింది కాదు, అప్పట్లో మా డాక్టరు గారే చెప్పారు. ఇప్పుడు మీరు భోజనంతో వేసుకోమంటున్నారు. మన జిల్లాలో పెరుగు లేని భోజనం ఎవరింట్లో ఉంటుంది? అప్పుడు పాకాల ఆయన జ్వరం తగ్గేదా?

---

మందులచీటీ (ఉదయం 7:35)

మాస్టారు గారూ, మీ డాక్టరు గారి మాటకు మూలం ఉంది. పాలలోని కాల్షియం ఈ జాతి మందులను పట్టుకుని, పేగు పీల్చుకోలేని జంటగా మారుస్తుంది. ఈ జాతిలో పాతదైన టెట్రాసైక్లిన్‌ను పాలతో వేసుకుంటే సగం లేదా అంతకు మించి వృథా అయ్యేది, దాన్ని పరగడుపునే వేయాల్సి వచ్చేది. డాక్సీసైక్లిన్‌కు ఆ పట్టు చాలా తక్కువ. పాలతో కలిసినప్పుడు పోయేది సుమారు ఐదో వంతు. పాత మందు నియమాన్ని కొత్త మందుకు అలాగే తగిలించడం వల్ల మీరు వారమంతా నెయ్యి కూడా మానేశారు. నెయ్యిలో చెప్పుకోదగ్గ కాల్షియమే లేదు, కాబట్టి ఆ వారం మీకు జరిగింది నష్టం తప్ప లాభం కాదు. పరగడుపున వేసుకుంటే ఈ మందు చాలామందికి వికారం, వాంతి తెప్పిస్తుంది. వాంతితో బయటికి పోయే మందు పెరుగు పట్టుకునే మందు కంటే ఎక్కువ.

కాబట్టి పాల నియమం ఉంది, కానీ అది వారం మొత్తానికి కాదు, ఆ ఒక్క పూట చుట్టూ రెండు గంటలకు మాత్రమే. పాకాల ఇంట్లో దాన్ని ఎలా సర్దుకోవచ్చో చూడండి. ఉదయం ఎనిమిదికి రెండు ఇడ్లీలో దోసెలో తిని, నిటారుగా కూర్చుని క్యాప్సూల్ వేసుకోవాలి. కాఫీలో పాలుంటాయి కాబట్టి అది ఆరింటికో పదింటికో జరగాలి. పెరుగన్నం మధ్యాహ్న భోజనానికి మారాలి. రాత్రి ఏడున్నరకు అన్నం, పప్పు, చారుతో తిని, ఆ పీట మీదే మందు వేసుకుని, తొమ్మిదిన్నర దాకా వీధి అరుగు మీద కూర్చుని ముచ్చట్లు చెప్పుకోవచ్చు. పడుకునే ముందు పాలు కావాలంటే అప్పుడు తాగవచ్చు. ఎడం దొరికింది, మంచం దగ్గర మందు అవసరం రాలేదు.

ఏ రాత్రైనా పెరుగన్నం తిన్న తర్వాతే మందు గుర్తొస్తే నేను ఏం చేస్తానో నిర్మొహమాటంగా చెబుతాను. అప్పుడే గ్లాసెడు నీళ్లతో వేసేస్తాను. ఐదో వంతు పోతే పోనివ్వండి, రెండు గంటలు కాచుకుని నిద్రమత్తులో ఒక గుక్కతో మింగడం దాని కంటే అపాయం.

పాల కంటే గట్టిగా పట్టుకునేవి వేరే ఉన్నాయి. ఆ గులాబీ టానిక్ లాంటి గ్యాస్ మందుల్లో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. గుండెలో మంట వచ్చిందని డాక్సీసైక్లిన్‌తో పాటే ఆ టానిక్ పోస్తే, పుండుకు కారణం అలాగే ఉంటుంది, జ్వరానికి మందు మాత్రం పనిచేయకుండా పోతుంది. నాయన గారికి ఇచ్చిన తెల్లని పూత మందులో కూడా అల్యూమినియం ఉంటుంది, డాక్సీసైక్లిన్ ఆపేశారు కాబట్టి దానితో ఇక తగాదా లేదు. రక్తహీనతకు వాడే ఇనుము మాత్రలు అందరికంటే మొండివి. ఈ మందు పేగులోకి తిరిగి వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి ఎడం పాటించినా ఇనుము కొంత పట్టుకుంటుంది, అందుకే వారం రోజుల కోర్సు అయితే ఆ వారం ఇనుము ఆపవచ్చా అని డాక్టరును అడగమంటాను.

---

తిరుచానూరు_మాస్టారు (ఉదయం 8:10)

నెయ్యి సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అయినా ప్రాణాంతకమైన జ్వరానికి ఐదో వంతు పోతే పోనివ్వండి అనడం నాకు రుచించలేదు.

---

మందులచీటీ (ఉదయం 8:25)

రోజూ పోనివ్వమనలేదు, మరచిపోయిన ఒక్క రాత్రికి అన్నాను. మీరు అంగీకరించకపోయినా ఫరవాలేదు, మా విభాగంలో కూడా కొందరు మీవైపే ఉన్నారు.

---

చిత్తూరు_పాలకేంద్రం (ఉదయం 9:00)

ఐదో వంతే అని తేలింది కాబట్టి సంతోషం. మా ఇంట్లో ఉదయం రాగి సంగటి తింటాము. దానిలో పాలు లేవు, అది తిని వేసుకోవచ్చా?

---

మందులచీటీ (ఉదయం 9:20)

తూకానికి తూకం చూస్తే రాగుల్లో పాల కంటే కాల్షియం ఎక్కువ. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, 100 మిల్లీలీటర్ల పాలలో 120 చుట్టూ ఉంటుంది. రాగిలోని కాల్షియం పాలలోనిదంత సులభంగా కరగదని వాదించేవారు ఉన్నారు. నేనైతే ఆ పూట ఇడ్లీ తిని, సంగటిని మధ్యాహ్నానికి పెట్టుకోమంటాను.

---

ఎండో_సిస్టర్ (ఉదయం 11:45)

నీళ్ల గురించి నేను ఒక మాట కలుపుతాను, ఎందుకంటే గ్లాసెడు అన్నప్పుడు మా ఊళ్లో కొందరు కాఫీ లోటా చూపిస్తారు. 200 మిల్లీలీటర్లు పట్టే స్టీలు గ్లాసు నిండా ఉండాలి. ముందు రెండు గుక్కలు ఉత్త నీళ్లు తాగి గొంతు తడపండి, తర్వాత క్యాప్సూల్ వేసుకోండి, మిగిలిన గ్లాసు మొత్తం తాగేయండి. క్యాప్సూల్ నీళ్ల మీద తేలుతుంది కాబట్టి తల వెనక్కి ఎత్తితే అది నోటి ముందు భాగానికే వస్తుంది. గడ్డం కొద్దిగా రొమ్ము వైపు వంచి మింగితే అది గొంతు వైపు తేలి సులభంగా దిగుతుంది. బిళ్లలకు ఈ వంపు అవసరం లేదు. మాత్ర ఆగినట్టు అనిపిస్తే ఇంకో గ్లాసు నీళ్లు, రెండు అరటిపండు ముక్కలు మింగండి, పడుకోకండి.

జ్వరంలో లేవలేని ముసలివాళ్లను మాత్రం మంచం మీద దిండ్లకు ఆనించి కాదు, కాళ్లు కిందికి వేలాడేలా కూర్చోబెట్టి ఇవ్వండి. అది కూడా కుదరకపోతే క్యాప్సూల్ వద్దని, నీళ్లలో కరిగే బిళ్ల రాయమని డాక్టరును అడగండి.

---

పాకాల_మామిడితోట (మధ్యాహ్నం 12:30)

తర్వాత ఎంతసేపు నిటారుగా ఉండాలి? చీటీలో అరగంట అని ఉంది. సార్ లెక్కలో రెండు గంటలు అవుతోంది.

---

ఎండో_సిస్టర్ (మధ్యాహ్నం 12:41)

కనీసం అరగంట. వయసైన వాళ్లకు, మధుమేహం ఉన్నవాళ్లకు నేను గంట చెబుతాను, వాళ్ల అన్నవాహిక మెల్లగా కదులుతుంది.

---

మందులచీటీ (మధ్యాహ్నం 1:30)

నా రెండు గంటలు పాల కోసం, సిస్టర్ గారి అరగంట గొంతు కోసం. రెండూ వేర్వేరు లెక్కలు. ఇంకో విషయం. పాకాల బాబూ, ఆ పట్టీ మీద మందు పేరు పక్కన హైక్లేట్ అని గానీ హైడ్రోక్లోరైడ్ అని గానీ ఉందా, మోనోహైడ్రేట్ అని ఉందా చూడండి. మొదటి రకం కరిగినప్పుడు చాలా పుల్లగా, నిమ్మరసం అంత ఆమ్లంగా ఉంటుంది, గోడను కాల్చేది అదే. రెండో రకం కరిగినప్పుడు అంత ఆమ్లం కాదు, గొంతును తక్కువ బాధపెడుతుందని భావిస్తారు. మన వైపు షాపుల్లో దొరికేది ఎక్కువగా మొదటిదే.

---

ఎండో_సిస్టర్ (మధ్యాహ్నం 2:05)

మోనోహైడ్రేట్ అయితే గుక్కెడు నీళ్లు చాలని ఎవరైనా అనుకుంటారేమో అని నా భయం. ఏ రకం అయినా తొడుగు అదే జిగురు తొడుగు కదా సార్.

---

పాకాల_మామిడితోట (తరువాతి శుక్రవారం, సాయంత్రం 5:20)

ఎనిమిది రోజులయింది. నాయనకు జ్వరం తిరిగి రాలేదు. ఉమ్మి నొప్పి మూడో రోజుకు సగం తగ్గింది, ఆరో రోజున సంగటి ముద్ద మింగారు. నిన్నటి నుంచి ఏ బాధా లేదంటున్నారు. తెల్లని మందు ఇంకో వారం వాడాలి. తోటకు మాత్రం సాయంత్రం పూటే వెళ్తున్నారు. మందు ఆపి వారం దాటినా పొడుగు చేతుల చొక్కా వేసుకోమంటే, ఎప్పుడూ వేసుకునేదే కదా అని నవ్వారు.

పట్టీ మీద హైక్లేట్ అనే ఉంది. ఆరు వాడగా ఎనిమిది క్యాప్సూళ్లు మిగిలాయి. మా చిన్నాన్నకు నిన్నటి నుంచి జ్వరం వస్తే అవి ఇమ్మని అడిగారు. ఇవ్వలేదు, రేపు ఉదయం ఆయనను కూడా తిరుపతికి తీసుకువస్తున్నాను. ఆయనకు కూడా చంకలో నల్లని పక్కు ఉంది.